సరుకు వచ్చిన రోజే ఎందుకు ఇవ్వడం లేదంటే

"సరుకు దిగిందని మీ వాళ్లే చెప్పారు కదా, మరి ఇవాళే ఇవ్వడానికి అడ్డమేమిటి?" వాటర్ ఫిల్టర్ల కోసం ఎదురుచూస్తున్న ఒక కస్టమరు ఫోను చేసి అడిగారు.

మొన్న దిగిన ఆ లోడునే చూడండి. మేము ఆర్డరు ఇచ్చింది 240 ఫిల్టర్లకు. ఇన్‌వాయిస్‌లో ఉన్నదీ 240. పెట్టెకు 24 చొప్పున పది పెట్టెలు రావాలి, పదీ వచ్చాయి. కాగితాల వరకు ఏ తేడా లేదు.

అయితే డ్రైవరు ఇచ్చే రసీదు మీద మేము సంతకం పెట్టే ముందే పెట్టెలను నాలుగు వైపులా తిప్పి చూస్తాం. ఒకదానికి కంపెనీ టేపు మీద మామూలు టేపు అంటించి ఉంది. మధ్యలో ఎవరో తెరిచారనడానికి అది గుర్తు. "పది పెట్టెలు అందాయి, ఒకదాని టేపు మార్చి ఉంది, లోపలి సరుకు లెక్కించలేదు" అని రసీదు మీదే రాసి, ఫొటో తీసి, అప్పుడు సంతకం చేశాం. ఆ మాట రాయకుండా సంతకం పెడితే సరుకు సవ్యంగా అందినట్టు ఒప్పుకున్నట్టే. తర్వాత రవాణా సంస్థను అడగడం కష్టమవుతుంది.

లెక్కపెట్టే మనిషికి ఇన్‌వాయిస్ చూపించం. ఎంత ఉండాలో ముందే తెలిస్తే కన్ను ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది. ఆయన ఖాళీ కాగితం మీద మోడల్ నంబరు, బ్యాచ్ నంబరు, సంఖ్య రాసి ఇస్తారు. దాన్ని నేను ఆర్డరుతోనూ ఇన్‌వాయిస్‌తోనూ పోల్చుతాను. టేపు మార్చిన పెట్టెలో 21 ఉన్నాయి, అంటే మూడు తక్కువ. అసలు చిక్కు ఇంకో పెట్టెలో బయటపడింది. అందులో 24కు 24 ఉన్నాయి గాని, ఆరింటి మోడల్ నంబరులో చివరి అక్షరం వేరు. చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి, రబ్బరు సీలు కొలత మాత్రం మారుతుంది. బిగిస్తే నీరు కారుతుంది. సంఖ్య ఒక్కటే చూసి ఉంటే ఆ ఆరూ మీ ఇళ్లకు చేరేవి.

తక్కువ వచ్చినవి మూడు, మోడల్ మారినవి ఆరు. ఈ రెండింటినీ కలిపి "తొమ్మిది తేడా" అని రాయం. మొదటిది దారిలో జరిగిన నష్టం కావచ్చు, రెండోది ప్యాకింగులో జరిగిన పొరపాటు. అడగవలసిన వారు వేరు. ఫొటోలతో రెండు ఫిర్యాదులూ అదే రోజు పంపాం. ఆ ఆరు ఫిల్టర్లకు ఎర్ర చీటీ కట్టి, తాళం వేసిన అరలో పెట్టాం.

మిగిలిన 231 మాత్రమే స్టాకులోకి ఎక్కాయి. పాత బ్యాచ్ ముందు పోవాలి కాబట్టి కొత్తవాటిని దాని వెనక సర్ది, అర నంబరు కంప్యూటర్లో నమోదు చేశాం. ఆ నమోదు అయ్యేదాకా మా సైట్‌లో "స్టాకు ఉంది" అని కనిపించదు. సరుకు దిగిందని ఫోనులో చెప్పే అలవాటును ఇకమీదట మానేస్తున్నాం. అరలోకి చేరాకే చెబుతాం.

ఆర్డరు ఇచ్చిన వరుసలోనే రేపటి నుంచి పంపుతాం. వరుసలో చివరనున్న తొమ్మిది ఫిల్టర్లకు సరఫరాదారు ఇంకా తేదీ ఇవ్వలేదు. ఆ ఆర్డర్లు ఎవరివో వారికి ఈ సాయంత్రమే ఫోను చేస్తాం. ఆగలేమంటే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం.