ఈ-రూపాయి ఎవరి బాకీ? బిట్‌కాయిన్ ఎవరి బాకీ?

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన ఒక వార్తలో యూపీఐ చెల్లింపులను, రిజర్వు బ్యాంకు విడుదల చేసిన ఈ-రూపాయిని, బిట్‌కాయిన్‌ను కలిపి ‘డిజిటల్ సొమ్ము’ అని రాశారు. మూడూ ఫోను తెర మీద అంకెలుగానే కనిపిస్తాయి కాబట్టి ఆ మాటలో తప్పేముందని అనిపించవచ్చు. ముప్పై ఏళ్లు ఈ జిల్లాలో బ్యాంకు కౌంటరులో పనిచేసినవాణ్ణి. ఈ మూడింటికీ తేడా తెలియక మా వీధిలోనే ఒక కుటుంబం రెండు లక్షలు పోగొట్టుకుంది. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

రొయ్యల గుంటలు కౌలుకు చేసే మా పొరుగాయన ఒక సాయంత్రం వచ్చి తన ఫోను నా చేతికిచ్చారు. తెర మీద ప్రభుత్వ ముద్రలా కనిపించే ఒక బొమ్మ, దాని కింద ఆయన పేరు, ఆ కింద 6,40,000 అనే అంకె ఉన్నాయి. ఒక ఫంక్షన్ హాలులో జరిగిన మీటింగులో ‘రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి ఇదే, ఇప్పుడు కొన్నవాళ్లకు ఏడాదిలో మూడింతలవుతుంది’ అని చెబితే రెండు లక్షలు నగదుగా కట్టారట. మేత బాకీ తీర్చడానికి లక్ష వెనక్కి అడిగితే, ముందు 30 శాతం పన్ను విడిగా కడితేనే ఇస్తామన్నారట. నేను ఆయన్ని ఒక్కటే అడిగాను: ‘అన్నా, ఈ ఆరు లక్షల నలభై వేలు నీకు ఎవరు బాకీ?’ ఆయన చాలాసేపు ఆలోచించి, ఆ యాప్ పేరు చెప్పారు.

నా దృష్టిలో ఈ మూడింటి తేడా అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఆయన పదివేలు తన పొదుపు ఖాతాలో వేశారనుకుందాం. నోట్లు కౌంటరు దాటగానే అవి బ్యాంకు సొత్తయిపోతాయి. ఆయనకు మిగిలేది ‘ఈ ఖాతాదారుకు పదివేలు ఇవ్వాలి’ అని బ్యాంకు పుస్తకంలో రాసుకున్న పద్దు. మేత దుకాణానికి యూపీఐలో చెల్లించినప్పుడు కదిలేది ఆ పద్దే. ఆయన బ్యాంకు తన బాకీని తగ్గించుకుంటుంది, దుకాణదారు బ్యాంకు పెంచుకుంటుంది, ఆ రెండు బ్యాంకుల మధ్య లెక్క రిజర్వు బ్యాంకులో వాటికున్న ఖాతాల్లో తీరుతుంది. మనం దాచిన సొమ్మును బ్యాంకు పంట రుణాలుగా, ఇంటి రుణాలుగా తిప్పుతుంది కాబట్టే మనకు వడ్డీ వస్తుంది. ఇచ్చిన అప్పులు వసూలుకాక బ్యాంకు దెబ్బతింటే ఆ దెబ్బ మన పద్దుకూ తగులుతుంది. అప్పుడు ఆదుకునే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి, అన్ని శాఖల్లోనూ ఉన్న అసలు, వడ్డీ కలుపుకొని, 5 లక్షల వరకే. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష మాత్రమే.

అదే పదివేలను ఆయన ఈ-రూపాయిగా మార్చుకుంటే జరిగేది వేరు. బ్యాంకు ఇచ్చే ఈ-రూపాయి యాప్‌లో మొత్తం నమోదు చేయగానే ఆయన ఖాతాలో పదివేలు తగ్గుతాయి. బ్యాంకు అంతకుముందే రిజర్వు బ్యాంకులోని తన ఖాతా నుంచి డబ్బు చెల్లించి తెచ్చుకున్న ఈ-రూపాయల్లోంచి పదివేల విలువైనవి ఆయన వాలెట్‌లోకి వస్తాయి. అవి కాగితం నోట్ల మాదిరే ఐదువందలు, రెండువందలు, వంద లాంటి విలువల్లో ఉంటాయి. ఆ క్షణం నుంచి ఆ పదివేలకు బాకీదారు బ్యాంకు కాదు, రిజర్వు బ్యాంకు. వాలెట్ ఇచ్చిన బ్యాంకు రేపు మూతపడినా ఆ బాకీ చెక్కుచెదరదు. అందుకే దానికి బీమాతో పనిలేదు. జేబులోని నోటుకు వడ్డీ రానట్టే దీనికీ రాదు. రెండున్నర శాతం వడ్డీ ఇచ్చే ఖాతాలో ఏడాదికి వచ్చే 250 రూపాయలు ఆయన వదులుకున్నట్టే.

వడ్డీ ఇవ్వకపోవడానికి బలమైన కారణం ఉంది. రిజర్వు బ్యాంకు పూచీకి తోడు వడ్డీ కూడా వస్తే జనం తమ డిపాజిట్లన్నీ తీసి ఈ-రూపాయిగా మార్చుకుంటారు. అప్పుడు బ్యాంకుల దగ్గర రైతుకు అప్పివ్వడానికి డబ్బే ఉండదు. ఏదైనా బ్యాంకు మీద పుకారు పుడితే, శాఖ ముందు క్యూ కట్టనక్కర లేకుండా రాత్రికి రాత్రే ఖాతాలు ఖాళీ అవుతాయి. 2022 డిసెంబర్ 1న నాలుగు నగరాల్లో ప్రజల మధ్య ప్రయోగంగా మొదలైన ఈ-రూపాయిని రిజర్వు బ్యాంకు ఆచితూచి నడపడంలో ఈ జాగ్రత్త కూడా ఉంది. 2025 మార్చి చివరికి దేశమంతటా చలామణిలో ఉన్న ఈ-రూపాయల విలువ సుమారు 1,016 కోట్లు. అదే సమయానికి కాగితం నోట్లు 36 లక్షల కోట్లకు పైనే. దీనికి పరిమితులూ ఉన్నాయి. కాగితం నోటు చేతులు మారినప్పుడు ఎక్కడా నమోదు కాదు, ఈ-రూపాయి బదిలీకి జాడ మిగులుతుంది. మోసగాడికి మన చేతులతో మనమే పంపితే, నోటు చేతికిచ్చినంత పనే అవుతుంది.

బిట్‌కాయిన్ దగ్గరికి వస్తే నా ప్రశ్నకు జవాబే లేదు, ఎందుకంటే అది ఎవరి బాకీ కాదు. 2009 జనవరిలో మొదలైన ఆ వ్యవస్థలో 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టవని నియమం ఉంది, ఎవరైనా చూడగలిగే బహిరంగ పద్దుల పుస్తకం ఉంది. ఫలానా ధరకు వెనక్కి తీసుకుంటామని హామీ ఇచ్చే సంస్థ మాత్రం లేదు. 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దాకా పోయిన ఒక బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి దిగింది. దాన్ని కదిపే రహస్య తాళం పోగొట్టుకుంటే దరఖాస్తు పెట్టుకోవడానికి కౌంటరు లేదు. మా పొరుగాయన కొన్నది ఇది కూడా కాదు. ఏ బహిరంగ పుస్తకంలోనూ లేని ఆ అంకెను యాప్ నడిపేవాళ్లు తమ ఇష్టం వచ్చినట్టు రాసుకున్నారు.

ఆయన మోసపోవడంలో చదువుకున్నవాళ్ల తప్పూ ఉంది. 2022 ఫిబ్రవరి 1న ఒకే బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయినీ, బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో ఆస్తుల లాభాలపై 30 శాతం పన్నునూ ప్రకటించారు. పన్ను వేశారంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టేనని చాలామంది అనుకున్నారు, కొందరు అలాగే ప్రచారం చేసుకున్నారు. లాభం మీద పన్ను వేసినంత మాత్రాన అది చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు. ఈ-రూపాయికైతే అదే ఏడాది రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, ‘బ్యాంకు నోటు’ అనే నిర్వచనంలోకి డిజిటల్ రూపాన్ని చేర్చారు. క్రిప్టో లాభాల పన్నును ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. అమ్మకం జరిగినప్పుడు నిబంధన ప్రకారం కోసేది ఒక్క శాతం, అదీ వచ్చే మొత్తంలోంచే. సొమ్ము చేతికివ్వాలంటే ముందు 30 శాతం తమకే కట్టాలని ఎవరైనా అడిగితే అది మోసం.

మీ విలేకరులకు నా మనవి: రిజర్వు బ్యాంకుదైతే ఈ-రూపాయి అని, ఖాతాలోదైతే బ్యాంకు నిల్వ అని, మిగతాది క్రిప్టో అని వేర్వేరుగా రాయించండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బ్యాంకు అధికారులు కూడా ప్రతి శాఖలో డిపాజిట్ బీమా కాగితం పక్కనే తెలుగులో ఒక బోర్డు పెట్టించాలి. ‘ఈ-రూపాయి బ్యాంకు యాప్‌లో గానీ, రిజర్వు బ్యాంకు అనుమతించిన యాప్‌లో గానీ మాత్రమే దొరుకుతుంది. ఐదువందలు కడితే ఐదువందలే వస్తుంది, ఎన్నాళ్లు దాచినా ఐదువందలే ఉంటుంది. ధర పెరుగుతుందని ఎవరైనా అమ్మితే అది ఈ-రూపాయి కాదు’ అని దాని మీద ఉంటే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా.