ప్లేట్‌లెట్లు తగ్గితే బొప్పాయి ఆకేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివి వారమైంది. డాక్టర్లెవరైనా ఖండిస్తారని ఎదురుచూశాను. ఎవరూ కలం కదపలేదు కాబట్టి, ముప్ఫై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన నేను రాయాల్సివస్తోంది. డెంగీకి చెప్పే బొప్పాయి ఆకు రసం, కివీ పండు సలహానే లివర్ రోగులకూ కలిపి ఒకే పెట్టెలో అచ్చేశారు. ఇంత పెద్ద పత్రికలో అది చదివి చూసేవాళ్లు ఒక్కరూ లేరా?

డెంగీలో కౌంట్ పడిపోతుంది, జ్వరం తగ్గిన కొద్ది రోజులకు దానంతటదే లేస్తుంది. ఆ సమయంలో ఏ ఆకు నమిలినా ఆకుకే పేరొస్తుంది. లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్‌లో అలా కాదు. అక్కడ కౌంట్ ఏళ్ల తరబడి మెల్లగా జారుతుంది, దానంతటదే తిరిగి లేవదు. ఎందుకో తెలియాలంటే ప్లేట్‌లెట్లు ఎక్కడ పుడతాయో, వాటిని ఎవరు పుట్టిస్తారో తెలియాలి.

ఎముక మూలుగలో మెగాకేరియోసైట్లని పెద్ద కణాలుంటాయి. మైక్రోస్కోప్ కింద చూసినవాళ్లు మరిచిపోలేరు, చిన్న చేపల మధ్య తిమింగలంలా ఉంటాయి. ఇవి రెండుగా చీలిపోకుండా, లోపల జన్యుపదార్థాన్ని మాత్రం మళ్లీ మళ్లీ రెట్టింపు చేసుకుంటూ పెరుగుతాయి. పక్వానికొచ్చాక పొడవాటి తోకల్లాంటి కొమ్మలను పక్కనున్న రక్తనాళంలోకి చాస్తాయి. ఆ కొమ్మల కొసలు తెగి పడే ముక్కలే ప్లేట్‌లెట్లు. ఒక్కో కణం నుంచి వేలల్లో వస్తాయి. ఒక్కోటి బతికేది ఎనిమిది నుంచి పది రోజులు, అందుకే మూలుగ రోజూ దాదాపు పదివేల కోట్లు తయారుచేస్తూనే ఉండాలి.

మెగాకేరియోసైట్లను పెంచి పక్వం చేసే ముఖ్యమైన హార్మోన్ థ్రాంబోపొయిటిన్. శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి పట్టుకున్నది 1994లో. మీ వ్యాసంలో దాని పేరే లేదు. అది ఎక్కువగా తయారయ్యేది మూలుగలో కాదు, లివర్‌లో.

దాని లెక్క సత్రంలో వంటలాంటిది. వంటవాడైన లివర్ రోజూ దాదాపు ఒకే కొలత అన్నం వండుతుంది. రక్తంలో తిరిగే ప్లేట్‌లెట్లు దాన్ని తమకు అంటించుకుని మింగేస్తాయి. మిగిలిందే మూలుగకు అందుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గితే తినేవాళ్లు తగ్గి మిగులు పెరుగుతుంది, మెగాకేరియోసైట్లు చురుకవుతాయి, అయిదారు రోజుల్లో కొత్త ప్లేట్‌లెట్లు వస్తాయి. ఎక్కువైతే మిగులు తగ్గి పని నెమ్మదిస్తుంది. మామూలు మనిషిలో ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది.

సిర్రోసిస్‌లో వంటవాడికే జబ్బు చేస్తుంది, వండేది తగ్గుతుంది. దానికి తోడు, గట్టిపడిన లివర్ గుండా రక్తం సాఫీగా పోలేక, పేగులు, ప్లీహం నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పీడనం పెరుగుతుంది. వెనక్కి ఎగదన్నిన రక్తంతో ప్లీహం ఉబ్బుతుంది. ఆరోగ్యవంతుడి ప్లీహంలోనే మూడో వంతు ప్లేట్‌లెట్లు ఎప్పుడూ మకాం వేసి ఉంటాయి. బాగా ఉబ్బిన ప్లీహంలో తొంభై శాతం దాకా చేరిపోవచ్చు. అవి చచ్చిపోలేదు, మన సూదికి అందే రక్తంలో లేవు, అంతే. పైగా ప్లీహంలో దాక్కున్నవి కూడా థ్రాంబోపొయిటిన్‌ను తింటూనే ఉంటాయి. కాబట్టి రిపోర్టులో కౌంట్ సగానికి పడినా మిగులు పెరగదు, కొరత ఉందన్న సంగతే మూలుగకు తెలియదు. మద్యం, హెపటైటిస్ సి వైరస్ అయితే మూలుగనే నేరుగా దెబ్బతీస్తాయి.

వంటవాడు లివరేనని నమ్మనివాళ్లు మార్పిడి ఆపరేషన్లు చూడాలి. కొత్త లివర్ పనిచేయడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలో థ్రాంబోపొయిటిన్ పెరుగుతుంది, దాని వెనకే, సాధారణంగా రెండు వారాల లోపు, కౌంట్ లేస్తుంది. ఇందులో బొప్పాయి చెట్టు ప్రమేయమేమీ లేదు.

ఇంత కోపం ఎందుకంటే, మా బావగారి కథ. చుక్క మందు ముట్టని మనిషి, షుగరు, ఫ్యాటీ లివర్ ఉన్నాయి. 2019లో 54 ఏళ్ల వయసులో ఒక హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకున్నారు. ప్లేట్‌లెట్లు లక్షా 45 వేలు, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఏఎస్‌టీ 60, ఏఎల్‌టీ 64. రిపోర్టు మీద ఎర్ర చుక్క పెట్టి, ‘వైరల్ అయి ఉంటుంది, జ్యూసులు తాగండి’ అని పంపేశారు. అప్పటికి ఆయనకు జ్వరమే లేదు! ఆ కాగితం మీది అంకెలతోనే ఎఫ్‌ఐబీ-4 అనే లెక్క వేయొచ్చు. వయసును ఏఎస్‌టీతో గుణిస్తే 3240. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని, అంటే 145ను, ఏఎల్‌టీ వర్గమూలమైన 8తో గుణిస్తే 1160. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.79. 2.67 దాటితే లివర్ బాగా గట్టిపడి ఉండొచ్చని అనుమానించి స్పెషలిస్టుకు చూపించాలి. జ్వరంతో కౌంట్ పడినప్పుడు ఈ లెక్క పనికిరాదు, 65 దాటినవాళ్లలో ఊరికే ఎక్కువ చూపిస్తుంది, అది వేరే సంగతి. ప్యాకేజీకి వేలు పుచ్చుకున్నవాళ్లకు క్యాలిక్యులేటర్ లేదనుకోవాలా?

నాలుగేళ్ల తర్వాత కదులుతున్న పన్ను తీయించుకోబోతే కౌంట్ 58 వేలు. వెంటనే మూలుగ జబ్బేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టి, ఒకే దాత నుంచి మెషీన్‌తో తీసిన పెద్ద ప్యాకెట్ ప్లేట్‌లెట్లు ఎక్కించారు. మామూలుగా ఆ ప్యాకెట్‌తో 30 వేలైనా పెరగాలి. ఆయనకు 66 వేలయింది, మర్నాటికి మళ్లీ 60. మిగిలినవి ఎక్కడికి పోయాయని మా చెల్లెలు అడిగితే జవాబు లేదు. ప్లీహంలోకి పోయాయమ్మా అని నేను చెప్పాల్సివచ్చింది. అసలు పన్ను తీయడం లాంటి చిన్న పనులకు ఆయనలాంటి సిర్రోసిస్ రోగికి మామూలుగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని లివర్ నిపుణుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. వాళ్లలో ప్లేట్‌లెట్లను అతికించే వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ పెరిగి కొంత లోటు పూడుస్తుంది. కౌంట్ తక్కువని రక్తం గడ్డకట్టదనుకోవడం కూడా పొరపాటే, వాళ్లకు పోర్టల్ సిరలోనే గడ్డలు కట్టడం తెలిసిందే. పెద్ద ప్రక్రియల ముందు వాడేందుకు థ్రాంబోపొయిటిన్ గ్రాహకాన్ని తట్టిలేపే అవాట్రాంబోపాగ్ లాంటి మాత్రలున్నాయి. అవి పనిచేయడానికి పది రోజుల వ్యవధి కావాలి. ఆపరేషన్ రేపనగా ఈ రాత్రి గుర్తొస్తే లాభం లేదు.

ఇక అధికారుల సంగతి. వానలు పడగానే డెంగీ మీద మైకులు మోగిస్తారు, మురుగు కాల్వ మాత్రం తీయరు. జనానికి ప్లేట్‌లెట్ అంటే డెంగీ ఒక్కటే అని నేర్పింది వాళ్లే. మా రోజుల్లో మెషీన్ తక్కువ కౌంట్ చూపిస్తే స్లైడ్ వేసి కంటితో చూసేవాళ్లం. ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులుగా అంటుకుపోయినా మెషీన్ తక్కువే చూపిస్తుంది కదా. ఇప్పుడు స్లైడ్ చూసే ఓపిక ఎవరికుంది, రిపోర్టు వాట్సాప్‌లో పడిపోతే చాలు.

వచ్చే ఆదివారమైనా ఆ పెట్టెను సరిచేసి వేయండి. జ్వరం లేకుండా కౌంట్ లక్షన్నర కన్నా తక్కువున్నవాళ్లు, ముఖ్యంగా షుగరు, ఊబకాయం, మద్యం అలవాటు ఉన్నవాళ్లు, ఒకసారి లివర్, ప్లీహం స్కాన్ చేయించుకోవాలని రెండు లైన్లు చాలు. కివీ పండు బొమ్మ వేసిన చోటే పడతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
తెనాలి