నా ఉక్రేనియన్ కథను దిద్దిపెట్టిన ముగ్గురికి కృతజ్ఞతలు

నవంబరులో ఇక్కడే సాయం అడిగాను, కొందరికి గుర్తుండే ఉంటుంది. విన్నిత్సాలో మెడిసిన్ చదివిన రోజుల్లో పరిచయమైన ఒక పిల్లల గ్రంథాలయం వారు, పద్నాలుగు పదిహేనేళ్ల వాళ్లకు చదివి వినిపించడానికి చిన్న కథ ఒకటి రాసిమ్మన్నారు. తెలుగు కుర్రాడికి ఉక్రెయిన్‌లో మొదటి చలికాలం ఎలా గడిచిందన్నది విషయం. ఉక్రేనియన్‌లోనే రాయాలి, అందులోనూ సంభాషణలు ఎక్కువ ఉండాలి. సరేనన్నాను. మా పాఠాలన్నీ ఇంగ్లిషులోనే అయినా వార్డుల్లో రోగులతో మాట్లాడక తప్పదు కాబట్టి ఆ భాష కొంత వచ్చు. అయితే ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి నొప్పి అని అడగడం వేరు, పదిహేనేళ్ల పిల్లలు నవ్వకుండా వినే మాటలు రాయడం వేరని పెన్ను పట్టుకున్నాకే తెలిసింది.

కథ నిన్న పూర్తయింది. దాన్ని నిలబెట్టింది ముగ్గురు: ఆ గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ, నాకంటే రెండేళ్లు ముందు అక్కడే చదివిన మా కాకినాడ అన్నయ్య, నాకు భాష నేర్పిన టీచరుగారి పదిహేనేళ్ల అమ్మాయి. పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు ఏం చేశారో మాత్రం చెప్పకుండా ఉండలేను.

కథలో కుర్రాడి పేరు కృష్ణ, ఊరు ఒంగోలు. మొదటి మంచు పడిన రోజు హాస్టలు మెట్ల మీద నిలబడి తనకు చలిగా ఉందంటాడు. నేను రాసిన మాట ‘యా ఖోలోద్నియ్’. టీచరుగారి అమ్మాయి దాని పక్కన ‘ఇతను చనిపోయాడా?’ అని రాసి పంపింది. యా అంటే నేను, ఖోలోద్నియ్ అంటే చల్లనివాడు. ముట్టుకుంటే చల్లగా తగిలే ఒంటిని, లేదా మనసులో వెచ్చదనం లేని మనిషిని అలా అంటారట. చలివేసే మనిషి అనాల్సింది ‘మెనీ ఖోలొద్నో’. మెనీ అంటే నాకు. నాకు చలిగా ఉంది! అచ్చం మన వాక్యమే. చలి నాకు వేస్తుంది తప్ప నేను చలిని కాను. పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్న వాక్యాన్ని వదిలేసి, ఇంగ్లిషు మీదుగా చుట్టు తిరిగి వెళ్లి తప్పులో కాలేశాను. ఆ తర్వాత సంభాషణలన్నీ ముందు తెలుగులో గట్టిగా అనుకుని, ఆ తర్వాతే ఉక్రేనియన్‌లో రాశాను. సగం తప్పులు అక్కడే పోయాయి.

మిగతా సగంలో ఒకటి తెలుగు వల్ల వచ్చినదే. ‘గడ్డకట్టుకుపోయాను’ అనడానికి కృష్ణ చేత ‘జ్మేర్జ్లా’ అనిపించాను. అది ఆడపిల్ల అనే మాట, మగపిల్లవాడు ‘జ్మేర్జ్’ అనాలి. ‘వచ్చాను’ అన్నది ఎవరో క్రియను బట్టి మనకు తెలియదు. వాళ్లకు భూతకాలంలో ‘నేను’ అన్నా ఆడో మగో చెప్పాల్సిందే. నా నోటికి ఆడపిల్ల రూపమే అలవాటు కాబట్టి, ఒంగోలు కుర్రాడు మూడు పేజీల్లో పదకొండు చోట్ల ఆడపిల్లలా మాట్లాడాడు. అన్నీ అన్నయ్యే ఏరి పెట్టాడు, ఫోనులో నవ్వుతూనే.

అసలు చిక్కు పిలుపుల దగ్గర వచ్చింది. హాస్టలు గుమ్మం దగ్గర తాళాల పలకతో కూర్చునే పెద్దావిడను ‘వఖ్తెర్కా’ అంటారు. కథకు ప్రాణం ఆవిడే. వరస కలపకుండా పెద్దవాళ్లను పిలవడం మనకు రాదు కదా, అందుకని కృష్ణ చేత ‘బబూస్యా’, అంటే అమ్మమ్మ, అని పిలిపించాను. గ్రంథాలయం ఆవిడ అందులో రెండు తప్పులు చూపించారు. మొదటిది, పిలిచేటప్పుడు పేరు చివర మారాలి, ‘బబూస్యూ’ అనాలి. మనం అమ్మమ్మను ‘అమ్మమ్మా’ అని సాగదీసినట్టే అనుకోండి. రెండోది, కొత్తగా వచ్చిన విద్యార్థి హాస్టలు ఉద్యోగినిని అలా పిలిస్తే ఆవిడకు ఒళ్లు మండవచ్చు. పేరుకు తండ్రి పేరు చేర్చి, ‘మీరు’ అంటూ మాట్లాడాలి. అలా ఆవిడ హలీనా పెత్రివ్నా అయింది. పిలిస్తే రెండు ముక్కలూ మారతాయి: ‘హలీనో పెత్రివ్నో!’ ఆవిడ మాత్రం ‘నువ్వు’ అంటుంది, కృష్ణను ‘క్రిష్నో’ అంటుంది, మనసు బాగున్న రోజున ‘సిన్కూ’ అంటుంది. సిన్కూ అంటే మన ‘నాయనా’ తప్ప మరొకటి కాదు. ఈ ఒక్క మార్పుతో ఆవిడ కాగితం మీద నుంచి లేచి కుర్చీలో కూర్చుంది.

(గదిలో తోటి కుర్రాడు గణేశ్ సంగతి వేరు. వాళ్ల మామూలు ‘గ’ లాంటి అక్షరం పలకడానికి ‘హ’. గాంధీ పేరునూ దానితోనే రాస్తారు. నిజమైన ‘గ’కు చిన్న కొమ్మున్న అక్షరం ఒకటి ఉంది. 1933లో తీసేసి 1990లో మళ్లీ చేర్చారు. నేను ఆ కొమ్ము మర్చిపోవడంతో గణేశ్ రెండు వారాలు హనేశ్‌గా బతికాడు. అది బాగుందని కథలో జోకుగా ఉంచేశాం.)

తేదీ తప్పు కూడా గ్రంథాలయం ఆవిడే పట్టారు. సెయింట్ నికొలస్ పండుగ రోజు పిల్లలు లేచేసరికి దిండు కింద మిఠాయిలు ఉంటాయి. నేను డిసెంబరు 6 అని రాశాను. కథ జరిగేది 2018లో. అక్కడి చర్చిలు చాలావరకు క్యాలెండరు మార్చుకున్నది 2023లో. అంతకుముందు ఆ పండుగ 19న వచ్చేది. పదమూడు రోజులు జరిగితే ఏమవుతుందని అనుకున్నాను గానీ, వినే పిల్లలకు తమ చిన్నప్పటి 19 గుర్తుంటుంది, వెంటనే పట్టేస్తారన్నారు.

బస్సు సన్నివేశం అన్నయ్యది. ‘మార్ష్రూత్కా’ అనే చిన్న బస్సులో వెనక కూర్చున్నవాళ్లు డబ్బులు ముందువాళ్లకు అందిస్తారు, చిల్లర అదే చేతుల మీదుగా వెనక్కి వస్తుంది. నా కృష్ణ పాఠ్యపుస్తకంలోలా మర్యాదగా రెండు వాక్యాలు అప్పజెప్పాడు. అది పూర్తయ్యేలోగా స్టాపు దాటిపోతుందని అన్నయ్య మొత్తం కొట్టేసి ఒక్క మాట ఉంచాడు: ‘పెరెదాయ్తే’, అంటే అందించండి. కృష్ణ ఆ మాట తెలియక, తన చేతికి వచ్చిన ఎవరివో డబ్బులు పట్టుకుని బిత్తరపోయి కూర్చుంటాడు. ఆ భాగానికి టీచరుగారి అమ్మాయి నవ్వు బొమ్మలు మూడు పెట్టింది. ఆమె లెక్కలో అది చాలా ఎక్కువ.

ఇక ముగింపు. హలీనా పెత్రివ్నా కథంతా అడిగే ప్రశ్న ఒకటే: ‘సిన్కూ, ఆ షాప్కా దే?’ నాయనా, మరి టోపీ ఏదీ? చివర ఫిబ్రవరిలో కృష్ణ ఆవిడకు కృతజ్ఞతలు చెబుతూ ఎనిమిది వాక్యాల ఉపన్యాసం ఇచ్చేవాడు. రాస్తున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి కూడా. ‘ఇది తీసేయండి, ఎవరూ ఇలా మాట్లాడరు’ అంది అమ్మాయి. ఒక రోజంతా అలిగి, తీసేశాను. ఇప్పుడు కృష్ణ మెట్లు దిగుతూ, ఆవిడ నోరు తెరవకముందే, ‘యా వ్ షాప్త్సి, హలీనో పెత్రివ్నో’ అంటాడు. టోపీలోనే ఉన్నానండీ అని. అక్కడ కూడా నేను ‘షాప్కి’ అని రాశాను. ‘లో’ అనే అర్థం వచ్చినప్పుడు క కాస్తా త్స అవుతుందని గ్రంథాలయం ఆవిడ రాత్రి పదకొండింటికి సందేశం పెట్టి మరీ దిద్దారు.

ముగ్గురికీ నా నమస్కారాలు. వచ్చే వారం కథ చదువుతారట. ఎవరైనా ఎక్కడైనా నవ్వితే ఏ వాక్యం దగ్గర నవ్వారో రాసి పంపమని అమ్మాయికి చెప్పాను.