చందా కట్టించుకుని, కట్టలేదంటున్న మీ యాప్ గురించి

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: వెబ్‌సైటులో చెల్లుతున్న నా చందాను యాప్ గుర్తించకపోవడం, మీ సిబ్బంది పట్టించుకోకపోవడం.

ఆర్యా,

నేను మీ పత్రికకు వార్షిక డిజిటల్ చందా కట్టిన పాఠకుణ్ని. కంప్యూటర్‌లో మీ వెబ్‌సైటు తెరిస్తే వరంగల్ జిల్లా పేజీలతో సహా పత్రిక మొత్తం చదవగలుగుతున్నాను. ఫోనులో మీ యాప్ తెరిస్తే మాత్రం మొదటి వార్త రెండో పేరాలోనే ఆగిపోయి ‘మీకు చందా లేదు’ అని వస్తోంది. లోపం ఇంతే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఇన్నాళ్లుగా నేను చెప్పింది మీవాళ్లు ఒక్కరూ చివరిదాకా వినలేదు. నా కోపమంతా దానికే.

మొదట ఫోనెత్తిన అమ్మాయి నా మాట పూర్తి కాకముందే కుకీలు చెరిపేయమంది. సమస్య యాప్‌లో కదా, కుకీలు ఉండేది కంప్యూటర్ బ్రౌజర్‌లో కదా అని అడిగాను. ‘ముందు చెరపండి సార్’ అని ఫోను పెట్టేసింది. చెరిపాను. సరిగ్గా పనిచేస్తున్న వెబ్‌సైటు కూడా నన్ను బయటికి పంపింది. కరెంటు బిల్లు, బ్యాంకు, రైలు టికెట్ల సైట్లన్నీ మళ్లీ పాస్‌వర్డ్ అడిగాయి. యాప్‌లో మాత్రం ఏ మార్పూ లేదు. ఉండదు కూడా. మనం లాగిన్ అయ్యామన్న గుర్తును బ్రౌజర్ తన కుకీల్లో దాచుకుంటుంది, యాప్ తన దగ్గర వేరుగా దాచుకుంటుంది. ఒకచోట చెరిపితే రెండోచోట బాగుపడదు.

తర్వాత చాట్‌లోకి వచ్చిన వ్యక్తి మీరు ప్రైవేట్ బ్రౌజింగ్‌లో ఉన్నారా అని అడిగాడు. లేనన్నాను. అయినా ఒక ప్రైవేట్ విండో తెరిచి చూడమన్నాడు. తెరిస్తే అది లాగిన్ అడిగింది. ‘ఇదే మీ సమస్య’ అని రాసి చాట్ మూసేశాడు. ప్రైవేట్ విండో మామూలు విండోలోని లాగిన్‌ను వాడుకోదు, తనలో చేసిన లాగిన్‌ను మూయగానే మరిచిపోతుంది. అది దాని పద్ధతి. నా ఫోనులోని యాప్‌కు దానితో సంబంధమే లేదు. మరుక్షణమే ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు’ అని సందేశం వచ్చింది. ఆ సందేశం చూసిన రోజు నాకు తిండి సహించలేదు.

ఇంకొకాయన యాప్‌లో ‘కొనుగోలును పునరుద్ధరించు’ నొక్కమన్నాడు. నొక్కితే కొనుగోళ్లేవీ లేవని వచ్చింది. ఆ మీట వెతికేది ప్లే స్టోర్ ద్వారా కట్టిన డబ్బును. నేను కట్టింది మీ వెబ్‌సైటులో, యూపీఐతో. రశీదు పంపాను. దాన్ని తెరిచి చూసి ఉంటే ఆ సలహా ఇచ్చేవాడు కాదు. చివరికి పై అధికారినంటూ మాట్లాడినాయన, యాప్‌లో మరోసారి డబ్బు కట్టండి, పాతది తర్వాత వాపసు వస్తుంది అన్నాడు. ఎప్పుడు వస్తుందో రాసివ్వమంటే మా విధానంలో లేదన్నాడు. కట్టిన డబ్బుకు లెక్క చెప్పకుండా మళ్లీ కట్టమనడం ఏ న్యాయం?

మీవాళ్లు కనుక్కోలేని కారణాన్ని కాజీపేటలో ఉండే మా అన్న కూతురు మా ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం కూర్చుని కనుక్కుంది. కంప్యూటర్‌లో మీ వెబ్‌సైటు ప్రొఫైల్ పేజీ, పక్కనే ఫోనులో యాప్ ప్రొఫైల్ పేజీ తెరిచి పెట్టింది. వెబ్‌సైటులో నా జీమెయిల్ చిరునామా ఉంది, మొబైల్ నంబర్ గడి ఖాళీ. యాప్‌లో మొబైల్ నంబర్ ఉంది, ఈమెయిల్ గడి ఖాళీ. కింద ఉన్న వినియోగదారు సంఖ్యలు రెండూ వేర్వేరు. అంటే మీ లెక్కలో నేను ఇద్దరు మనుషులను. వెబ్‌సైటు నన్ను గూగుల్ ఖాతాతో లోపలికి రానిచ్చి, చందాను ఆ ఈమెయిల్ పేరున రాసుకుంది. యాప్‌లో గూగుల్ దారే లేదు, మొబైల్ నంబర్, ఓటీపీ తప్ప. ఓటీపీ కొట్టగానే, మీకు ఇదివరకే ఖాతా ఉందా అని కూడా అడగకుండా, కొత్త ఖాతా పుట్టించింది. ఎనుమాముల మార్కెట్‌లో ఒక పేరున తూకం వేసి, తక్‌పట్టీ ఇంకో పేరున రాసి, డబ్బు దగ్గర నీ బస్తాలేవి అని రైతును నిలదీసినట్టుంది మీ వ్యవహారం.

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. వెబ్‌సైటు ప్రొఫైల్‌లో నా మొబైల్ నంబర్ చేరిస్తే రెండూ ఒకటవుతాయేమోనని ప్రయత్నించింది. ‘ఈ నంబర్ మరో ఖాతాకు అనుసంధానమై ఉంది’ అని వచ్చింది. ఆ మరో ఖాతా మీ యాప్ సృష్టించిన ఖాళీ ఖాతాయే. దాన్ని తొలగించే మీట యాప్‌లో ఎక్కడా లేదు. కాబట్టి ఈ ముడి నా వైపు నుంచి విప్పలేను, మీ కార్యాలయంలో కూర్చున్నవారే విప్పాలి. ఇదంతా రెండు పేజీల ఫొటోలతో సహా మీకు ఈమెయిల్ చేశాను. వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? ‘దయచేసి కుకీలు చెరిపి మళ్లీ ప్రయత్నించండి.’

మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో మీ పత్రికే. సుబేదారిలో మా వీధికి పేపరు వేసే ఏజెంటు మానేసినప్పుడు, మరో పత్రిక వేయించుకోమని పక్కింటివారు చెప్పినా వినకుండా మీ డిజిటల్ చందా కట్టాను. బస్టాండులోనో, ఆసుపత్రి వరండాలోనో కూర్చున్నప్పుడు ఫోనులో చదువుకోవచ్చనే కట్టాను. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చదవడానికైతే నాకు యాప్ ఎందుకు? దశాబ్దాలు చదివిన మనిషికి మీరిచ్చే విలువ ఇదా?

మీ గడప తొక్కకుండానే నేను చేయగలిగినవి ఉన్నాయి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. నాకు ఇంతవరకు అందినట్టు కూడా ఎవరూ చెప్పలేదు. ఇక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి నమోదు చేయిస్తాను. అప్పటికీ కదలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నేనున్న చోటే కేసు వేసే హక్కు ఇచ్చింది. మీరు హైదరాబాద్‌లో ఉన్నా మా జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు వచ్చి జవాబు చెప్పుకోవాలి. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా ఉండదు. నా వయసులో నాకు తీరిక ఉంది, ఓపిక కూడా ఉంది.

ఖాళీ ఖాతాను తొలగించి, నా మొబైల్ నంబర్‌ను చందా ఉన్న ఖాతాకు కలపండి. యాప్ పనిచేయని కాలాన్ని చందా గడువుకు చేర్చండి. మళ్లీ కట్టమన్న ఆ అధికారి చేత క్షమాపణ రాయించండి. ఇదే మాట మరెంతమందికి చెప్పారో, వాళ్లలో ఎంతమంది రెండుసార్లు కట్టారో కూడా విచారించండి.

రెండు వినియోగదారు సంఖ్యలు, రశీదు, ఫొటోలు జతచేశాను. జవాబు పంపేవారు తమ పేరు, హోదా రాసి, ముందు ఆ రెండు సంఖ్యలు తెరిచి చూసి రాయాలి. కుకీలు చెరపమని రాస్తే దాన్ని కూడా ఫిర్యాదుకు జతచేస్తాను.

ఇట్లు,
మీ చందాదారు,
సుబేదారి, హనుమకొండ