రాని సొమ్ముకు కోసిన 177 రూపాయల గురించి

గుంటూరు,
24 నవంబర్ 2025

ప్రధాన కార్యాలయంలోని ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

మీ బ్యాంకులో నాకు 23 ఏళ్లుగా ఖాతా ఉంది. కుట్టుమిషను అప్పు మీ దగ్గరే తీసుకున్నాను, ఒక్క వాయిదా తప్పకుండా తీర్చాను. మా అమ్మాయి పెళ్లికి దాచిన డిపాజిట్ కూడా మీ దగ్గరే ఉండేది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, గత రెండు వారాలుగా మీ వాళ్లు నన్ను నిన్న కాక మొన్న వచ్చిన మనిషిని చూసినట్లు చూశారు.

ఒక ప్రైవేటు పాఠశాలకు నేను యూనిఫారాలు కుట్టి ఇస్తాను. జూన్‌లో ఇచ్చిన బట్టల బాకీ కింద వాళ్ల కరస్పాండెంట్ గారు 68,400 రూపాయలకు చెక్కు ఇచ్చారు. నవంబర్ 10, సోమవారం ఉదయం పదకొండుంపావుకు దాన్ని మీ శాఖ కౌంటరులో ఇచ్చి, స్లిప్పు మీద ముద్ర వేయించుకున్నాను. డ్రాప్ బాక్స్‌లో వేయమన్నారు, నేను ఒప్పుకోలేదు. కౌంటరులో ఇచ్చి రసీదు అడిగితే ఇవ్వాల్సిందేనని ఆ పెట్టె మీద మీరు రాసిందే చూపించాను. ఆ ముద్ర లేకపోతే ఈ రోజు ఈ ఉత్తరం రాయడానికి నా చేతిలో ఆధారమే ఉండేది కాదు.

మీ శాఖలో పాస్‌బుక్కు మిషను పక్కన ఒక కాగితం అంటించి ఉంది. అక్టోబర్ 4 నుంచి చెక్కులను విడతగా పోగేసి పంపడం ఆగిపోయిందనీ, ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు అందిన వాటిని స్కాన్ చేసి ఎప్పటికప్పుడు పంపుతారనీ అందులో ఉంది. చెక్కు రాసిన మనిషి ఖాతా ఏ బ్యాంకులో ఉందో ఆ బ్యాంకు అదే రోజు రాత్రి ఏడు లోపు అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే అవునన్నట్లే లెక్క. బ్యాంకుల మధ్య లెక్క తేలాక గంటలోపు సొమ్ము ఖాతాలో పడాలి. చదివి ఎంతో సంతోషించాను, సాయంత్రానికే దర్జీలకు కూలీ ఇస్తానని మాట కూడా ఇచ్చాను. ఆ కాగితం మీ ఉద్యోగులు చదవడానికి కాదని నాకు అప్పుడు తెలియదు.

మంగళవారం కౌంటరులో అడిగితే, ‘క్లియరింగ్‌లో ఉంది, రెండు మూడు పనిదినాలు పడుతుంది మేడం’ అన్నారు. గోడమీది కాగితం చూపిస్తే, అది హైదరాబాదు, ముంబయి లాంటి చోట్లకట! బుధవారం మీ ఉచిత నంబరుకు ఫోను చేశాను. మీటలు నొక్కి నొక్కి, పిల్లనగ్రోవి పాట పదకొండు నిమిషాలు విన్నాక ఒక అబ్బాయి దొరికాడు. ‘చెక్కు మీ శాఖలోనే ఉండవచ్చు, శాఖను అడగండి’ అన్నాడు. శాఖకు వెళితే, ‘చెక్కు పై వాళ్ల దగ్గరుంది, ఉచిత నంబరును అడగండి’ అన్నారు. ఒక్క చెక్కు కోసం రెండు గడపల మధ్య బంతిలా తిరిగాను.

గురువారం పొద్దున సందేశం వచ్చింది, చెక్కు తిరిగి వచ్చిందని. కారణం లేదు. దాని వెనకే 177 రూపాయలు కోసినట్లు మరో సందేశం. నూట యాభై మీ రుసుము, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ ఇరవై ఏడు. సొమ్ము రావడానికి నాలుగు రోజులు చాలలేదు గానీ, కోయడానికి నాలుగు నిమిషాలు చాలాయి.

ఇక అసలు గాయం ఇక్కడ ఉంది. కారణం ఏమిటని ఫోనులో అడిగితే, మీ ప్రతినిధి ఏ కాగితమూ చూడకుండా, ‘సాధారణంగా ఖాతాలో సొమ్ము లేకపోతేనే తిరిగి వస్తుంది మేడం’ అంది. నేను ఆ మాట నమ్మి కరస్పాండెంట్ గారికి ఫోను చేసి, నోటికొచ్చినట్లు మాట్లాడాను. సొమ్ము లేక చెక్కు వెనక్కి రావడమంటే మామూలు విషయం కాదు, జైలు దాకా పోగల నేరం. ఆయన ఏమీ అనకుండా తన ఖాతా వివరాల కాగితం పంపారు. సోమవారం నుంచి గురువారం దాకా ఆయన ఖాతాలో నాలుగు లక్షలకు పైగా ఉంది. పదహారేళ్లుగా నాకు పని ఇస్తున్న మనిషి ఆయన.

శుక్రవారం శాఖలో కూర్చుని, చెక్కు వెనక్కి వచ్చినప్పుడు ఇచ్చే మెమో ఇస్తే గానీ లేవనన్నాను. గంటన్నర తర్వాత చెక్కుతో పాటు ఇచ్చారు. దయచేసి మీరూ దాన్ని ఒకసారి చదవండి. సమర్పించిన తేదీ నవంబర్ 12 అని ఉంది. నా స్లిప్పు మీద మీ ముద్ర నవంబర్ 10. అంటే ‘క్లియరింగ్‌లో ఉంది’ అని నాకు చెప్పిన మంగళవారం నాటికి చెక్కు మీ ట్రేలోంచి కదలనే లేదు. ఇక కారణం సంఖ్య 39, అంటే చిత్రం స్పష్టంగా లేదు, మళ్లీ సమర్పించండి అని. సొమ్ము లేకపోతే పడేది 01. చెక్కు కాగితం మీ దగ్గరే ఉండిపోతుంది, అవతలి బ్యాంకుకు వెళ్లేది మీరు తీసిన బొమ్మ మాత్రమే. ఆ బొమ్మలో అంకెల మీద నల్లటి చార ఉంది. చెక్కు మీద లేదు.

ఖాతాదారు తప్పు ఉంటేనే రుసుము వేయాలనీ, తప్పు లేని కారణాల్లో 39 కూడా ఒకటనీ రిజర్వ్ బ్యాంకు ఏనాడో చెప్పింది. ఇలాంటి చెక్కును 24 గంటలు దాటకుండా, సెలవులు మినహాయించి, తర్వాతి క్లియరింగ్‌లో మీరే మళ్లీ పంపి, ఆ సంగతి నాకు సందేశంగా తెలపాలి. దానికి బదులు మీ వాళ్లు, ‘వేరే చెక్కు తెచ్చుకోండి’ అన్నారు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లి అడగమంటారు?

నవంబర్ 19న అదే చెక్కు పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆ రోజు కౌంటరులో ఉన్న కొత్త అమ్మాయి స్కానరు అద్దం గుడ్డతో తుడిచి పెట్టింది. ఉదయం పదకొండుకు ఇస్తే మధ్యాహ్నం మూడు లోపే సొమ్ము పడింది. మీ బ్యాంకులో నాకు కనిపించిన పని అదొక్కటే, ఆ అమ్మాయికి నా కృతజ్ఞతలు చెప్పండి.

రుసుము గురించి ఇచ్చిన ఫిర్యాదును మాత్రం ఎవరూ నాతో మాట్లాడకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేశారు. ఎలా పరిష్కరించారో మీకైనా తెలిస్తే చెప్పండి.

177 రూపాయలు వెనక్కి వేయండి. ఆలస్యానికి పొదుపు ఖాతా వడ్డీ లెక్కిస్తే తొమ్మిది రోజులకు యాభై రూపాయలైనా రావు, అదీ వేయండి. ఈ రెండింటికీ ఇంత ఉత్తరం రాయను. చెక్కు తిరిగి రావడానికి కారణం మీ స్కానింగేనని, కరస్పాండెంట్ గారి ఖాతాకూ దీనికీ సంబంధం లేదని, మీ బ్యాంకు కాగితం మీద సంతకంతో నాకు ఇవ్వండి. దాన్ని ఆయన చేతిలో పెట్టి క్షమాపణ అడగాలి.

30 రోజులు చూస్తాను. జవాబు రాకపోయినా, ‘పరిష్కరించాం’ అనే జవాబు వచ్చినా, స్లిప్పు, మెమో, సందేశాలు అన్నీ రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళతాయి. మా వీధిలో మీ దగ్గర ఖాతాలున్న ఆరుగురు దర్జీలు నాతో పాటు ఎదురు బ్యాంకుకు వెళ్తారు. వాళ్ల కూలీ డబ్బే కదా ఆలస్యమైంది!

ఇట్లు,
మీ 23 ఏళ్ల ఖాతాదారు

తాజా కలం: ఈ ఉత్తరం అందినట్లు ముద్ర వేసి ఇవ్వమని ఈ ఉదయం శాఖలో అడిగాను. డ్రాప్ బాక్స్‌లో వేసి వెళ్లమన్నారు. అందుకే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.