మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనం మందు కూడా ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కోనసీమ ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన తరువాత, మా చుట్టుపక్కల గ్రామాల్లో మంచం పట్టిన క్యాన్సర్ రోగులను ఇళ్ళకు వెళ్ళి చూసి వస్తున్నాను. వీరిలో ఎక్కువమంది విశాఖపట్నంలోనో కాకినాడలోనో చికిత్స చేయించుకుని, నొప్పికి ట్రమడాల్ లేదా మార్ఫిన్ మాత్రలతో తిరిగి వచ్చినవారు. వారి చీటీల్లో వాంతులకు మాత్ర ఉంటుంది, గ్యాసుకు మాత్ర ఉంటుంది, కానీ విరేచనం సాఫీగా కావడానికి రాయవలసిన మందు చాలాసార్లు ఉండదు. ఈ లోపం వల్ల ఇళ్ళలో జరుగుతున్నది మీ పత్రిక ద్వారా వైద్యులకు, రోగులను కనిపెట్టుకుని ఉన్న కుటుంబాలకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

మార్ఫిన్ జాతి మందులు మెదడు, వెన్నుపాములలో నొప్పిని అణచినట్టే పేగు గోడలోని నరాల మీద కూడా పనిచేస్తాయి. పేగు ముందుకు నెట్టే కదలిక మందగిస్తుంది, మలం లోపలే ఎక్కువసేపు నిలిచి అందులోని నీరంతా ఇంకిపోతుంది, మలద్వారం దగ్గరి కండరం బిగుసుకుంటుంది. ఈ మందు మొదలుపెట్టినప్పుడు వచ్చే మగత, వికారం సాధారణంగా కొద్ది రోజుల్లో శరీరానికి అలవాటై తగ్గిపోతాయి, మలబద్ధకం మాత్రం అలా తగ్గదు. మాత్ర వాడినన్నాళ్ళూ అది ఉంటుంది కనుక, మొదటి మార్ఫిన్ మాత్ర వేసిన రోజు నుంచే విరేచనం మందు కూడా వేయాలి. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రలు కూడా మలబద్ధకాన్ని పెంచేవే.

ఇటీవల ఒక ఇంట్లో చూసినది చెబుతాను. కొబ్బరి దింపు పనిచేసిన ఒక పెద్దాయనకు క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. నాలుగు గంటలకొకటి చొప్పున మార్ఫిన్ మాత్ర మొదలుపెట్టాక ఆయన చాలా రోజుల తరువాత కంటినిండా నిద్రపోయారు. నాలుగో రోజుకు కూడా విరేచనం కాకపోయినా, అసలు ఏమీ తినడం లేదు కదా, ఎందుకవుతుందిలే అని ఇంట్లో అనుకున్నారు. నిజానికి తిండి తగ్గినా పేగులో మలం తయారవుతూనే ఉంటుంది. తరువాత కోడలు చక్కెరకేళి పండ్లు పెట్టింది, ఎవరో చెబితే ఇసబ్గోల్ కూడా కలిపి ఇచ్చింది. రోజుకు నాలుగైదు గ్లాసుల నీళ్ళు కూడా తాగలేని మనిషికి ఇసబ్గోల్ మేలు చేయదు, కదలిక లేని పేగులో అది ఉబ్బి ముద్దకట్టి ఇంకా అడ్డుపడుతుంది. వారం దాటాక పెద్దాయనకు బట్టల్లోనే నీళ్ళలాగా కొద్దికొద్దిగా పోవడం మొదలైంది. విరేచనాలు పట్టుకున్నాయని మందుల షాపులో అడిగి లోపరమైడ్ మాత్రలు తెచ్చి వేశారు. అది కూడా పేగు కదలికను మార్ఫిన్ పనిచేసే చోటనే అణిచే మందు.

నేను వెళ్ళేసరికి కడుపు ఉబ్బి ఉంది, మూత్రం సరిగా రావడం లేదు, ఆయన మనుషులను గుర్తుపట్టకుండా కలవరిస్తున్నారు. తొడుగు వేసుకుని పరీక్షిస్తే మలద్వారం లోపల రాయిలాంటి ముద్ద తగిలింది, ఇంట్లో వాళ్ళు విరేచనాలనుకున్నది ఆ ముద్ద పక్కనుంచి జారుతున్న నీరు. చాలా రోజులు విరేచనం కాని మనిషికి ఉన్నట్టుండి నీళ్ళలాగా కొద్దికొద్దిగా పోతుంటే ముందుగా అనుమానించవలసింది ఇదే. ఆసుపత్రిలో ఎనిమా ఇచ్చి, మిగిలిన ముద్దను చేత్తో తీయవలసి వచ్చింది. ఆ బాధకు ఆయన మార్ఫినే వద్దన్నారు, రెండు పూటలు మానేశారు, వెన్నునొప్పి మళ్ళీ మొదటికి వచ్చింది. చివరకు వైద్యుడు మార్ఫిన్ అలాగే ఉంచి, రాత్రిపూట బైసకోడిల్, దానితోపాటు లాక్టులోజ్ సిరప్ రాశారు. ఇప్పుడు రోజు విడిచి రోజు ముక్కకుండానే విరేచనం అవుతోంది.

ఇంట్లో చూసుకునేవారు ఈ రెండు మందుల తీరు తెలుసుకుంటే చాలు. బైసకోడిల్ పేగును కదిలిస్తుంది. పెద్దవారికి సాధారణంగా 5 మిల్లీగ్రాముల మాత్రలు ఒకటో రెండో రాత్రి వేస్తే 6 నుంచి 12 గంటల్లో, అంటే తెల్లవారి పని చేస్తుంది. దీనిని నమలకుండా మింగాలి. మన ఇళ్ళలో రాత్రి మాత్రలు పాలతో మింగించే అలవాటుంది, ఈ మాత్రను పాలతో గాని గ్యాస్ సిరప్‌తో గాని వేస్తే పైపూత కడుపులోనే కరిగి నొప్పి పెడుతుంది. లాక్టులోజ్ పేగులోకి నీరు లాగి మలాన్ని మెత్తబరుస్తుంది, కానీ ఒకటి రెండు రోజులు ఆగితే గాని ఫలితం కనిపించదు, మొదట్లో కొంత ఉబ్బరం కూడా ఉంటుంది. మార్ఫిన్ వల్ల వచ్చే మలబద్ధకానికి మెత్తబరిచే మందు ఒక్కటే తరచూ సరిపోదు, కదిలించే మందు కూడా కావాలి. మార్ఫిన్ మోతాదు పెంచినప్పుడు విరేచనం మందు మోతాదు కూడా పెంచాలేమో అదే రోజు వైద్యుణ్ణి అడగాలి.

విరేచనం అయిన రోజున గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టడం నేను ప్రతి ఇంట్లోనూ చేయిస్తున్నాను. రెండు రోజులు ఖాళీగా కనిపిస్తే వైద్యుడికి చెప్పాలి, మూడో రోజు దాటనివ్వకూడదు. లేచి కూర్చోగలిగినవారిని టిఫిన్ తిన్న అరగంటలోపు కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టి, మోకాళ్ళు నడుముకన్నా పైకి వచ్చేలా పాదాల కింద పీట వేయాలి. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పలచని గంజి తాగగలిగినంత తాగించవచ్చు (మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్ళు వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వకూడదు). అయితే వీటివల్ల మందు అవసరం తీరిపోదు.

ఇంట్లో చేయకూడనివి కూడా ఉన్నాయి. వాంతులు, మెలిపెట్టే కడుపునొప్పి, ఉబ్బరం ఉండి, కింది నుంచి గాలి కూడా పోకపోతే అది పేగు మూసుకుపోవడం కావచ్చు. అప్పుడు బైసకోడిల్ గాని, ఆముదం గాని ఇవ్వడం ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు తగ్గినవారికి, మలద్వారం దగ్గర శస్త్రచికిత్స అయినవారికి వైద్యుడు చెప్పకుండా ఎనిమా గాని, మలద్వారంలో పెట్టే సపోజిటరీ గాని వాడకూడదు. తుంటి ఆపరేషను తరువాత కొద్ది రోజులు ట్రమడాల్ వాడే వృద్ధుల విషయంలోనూ జాగ్రత్తలు ఇవే.

మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి రోగులకు మార్ఫిన్ అందడం సులభం చేశారు. ఆ మందు ఇప్పుడు లంక గ్రామాల దాకా వస్తున్నందుకు సంతోషమే. దాని వెంట రావలసిన బైసకోడిల్ చవకైన మాత్ర, కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అది, లాక్టులోజ్ ఎప్పుడూ నిల్వ ఉండేలా జిల్లా వైద్యాధికారులు చూడాలని కోరుతున్నాను. నొప్పి మందు ఇచ్చి పంపే ఆసుపత్రులు అదే చీటీలో విరేచనం మందు రాయాలి, వాడే తీరును తెలుగులో రాసి ఇవ్వాలి. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తలు నొప్పి ఎలా ఉందని అడిగినప్పుడే విరేచనం ఎప్పుడు అయిందని కూడా అడిగి రాసుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
రాజోలు, కోనసీమ