పొందూరు పంచెల ఆర్డర్లు మళ్లీ ఆలస్యం: ఆగాలా, క్యాన్సిల్ చేయాలా

"అక్కా, జూన్ అన్నారు, జులై అన్నారు, ఇప్పుడు అక్టోబర్ అంటున్నారు. ఇంకా ఆగాలా? క్యాన్సిల్ చేస్తే డబ్బులు మొత్తం వస్తాయా?"

మొత్తం వస్తాయి, రూపాయి కూడా పట్టుకోను. దసరాకో, ఇంట్లో పెళ్లికో ఫలానా రోజుకి పంచె కట్టుకోవాల్సిందే అనుకున్నవాళ్లు ఈ వారంలోనే క్యాన్సిల్ చేసేయండి. నిజంగా చెప్తున్నాను, నేను మళ్లీ ఒక తేదీ చెప్తే మీరు దాన్ని నమ్ముకుని బట్టలు కొనకుండా కూర్చుంటారు, ఆ పాపం నాకొద్దు. ఎప్పుడొచ్చినా పర్లేదు, పొందూరు నేతే కావాలి అనుకునేవాళ్లు మాత్రం ఆగండి.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. మే నెలలో ప్రీ-ఆర్డర్లు తెరిచినప్పుడు నా చేతిలో నూలు లేదు, ఇస్తామన్న మాట ఉంది, అంతే. ఆ మాట మీదే మీకు జూన్ 30 అని రాసేశాను. సన్న నూలు మిల్లులో తీసేది కాదు కదా, కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద ఆడవాళ్లు వడకాలి. వానలు పడ్డాక వాళ్లలో చాలామంది ఊడుపులకి వెళ్లారు. వెళ్లొద్దని ఎలా అంటాను, అక్కడ రోజు కూలి చేతికి వస్తుంది. వచ్చిన కొంచెం నూలుతో పడుగు వేసి గంజి పెడితే, అది ఎండటానికి ఎండ లేదు. తడి ఆరని పడుగు మగ్గమెక్కిస్తే పోగులు తెగుతూనే ఉంటాయి. ఇవన్నీ ప్రతి ఏడూ జరిగేవే, నేను ముందే లెక్కలోకి తీసుకోవాల్సింది.

అందుకే ఇకనుంచి తేదీ కాదు, మీ పంచె ఏ దశలో ఉందో చెప్తాను: నూలు రాలేదు, పడుగు వేశాం, మగ్గం మీద ఉంది, ఉతికి మడతపెట్టాం. నూలే రాని ఆర్డరుకి ఎవరు తేదీ చెప్పినా అది ఊహే. మగ్గమెక్కిందంటే మాత్రం రోజుల్లో లెక్క చెప్పొచ్చు. మీరు ఇంకెక్కడ ప్రీ-ఆర్డర్ పెట్టినా ఇదే అడగండి, "ఎప్పుడు పంపుతారు" అని కాకుండా "ఇప్పుడు ఎక్కడ ఉంది, ఫోటో పెట్టండి" అని. రెండుసార్లు తేదీ మారి, ఈ ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఇక ఆగకండి.

ఇప్పుడు డబ్బుల సంగతి, ఎందుకంటే ఆగడానికి కూడా ఒక హద్దు ఉంది. విజయనగరం నుంచి ఒక మాస్టారు మే 12న జత పంచెలకి 8,600 రూపాయలు క్రెడిట్ కార్డు మీద కట్టారు. మొదట జూన్ 30 అన్నాను, తర్వాత జులై 31, ఇప్పుడు అక్టోబర్ 10. నేను వాడే పేమెంట్ గేట్‌వేలో ఆరు నెలలు దాటిన చెల్లింపుని వచ్చిన దారిలోనే వెనక్కి పంపడం కుదరదు, అంటే ఆయనకి నవంబర్ 12 తర్వాత నేను విడిగా బ్యాంకు వివరాలు అడగాల్సి వస్తుంది, అక్కడే మోసాలకి తలుపు తెరుచుకుంటుంది. ఇంకోటి, నేను డబ్బులు ఇవ్వకుండా మొండికేశాననుకోండి, వస్తువు రాలేదని కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో దానికి మామూలుగా 120 రోజుల గడువు, వస్తువు రావాల్సిన రోజు నుంచి లెక్క. తేదీ మారుతూ ఉంటే ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో బ్యాంకుతో వాదన ఎందుకు, నేను మొదట చెప్పిన జూన్ 30 నుంచే చూసుకుంటే అక్టోబర్ 28కి అయిపోతుంది. అందుకే మాస్టారికి అక్టోబర్ 10న పంచెలు బయల్దేరకపోతే ఆ మర్నాడే క్యాన్సిల్ చేయమన్నాను. ఆయన అంతవరకూ ఆగకుండా మొన్నే చేశారు, మంచి పని చేశారు.

యూపీఐలో కట్టినవాళ్లకి కార్డంత బలమైన దారి లేదు. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టొచ్చు గానీ, డబ్బు తిరిగి రావడం ఎక్కువగా అమ్మినవాడి మీదే ఆధారపడుతుంది. కాబట్టి యూపీఐ వాళ్లు నాకైనా, ఎవరికైనా ఎక్కువ గడువులు ఇవ్వొద్దు.

క్యాన్సిల్ ఫోన్‌లో చెప్పకండి, నేను కూడా మర్చిపోతాను. ఆర్డర్ పెట్టిన నంబరుకే రాసి పంపండి: ఆర్డర్ నంబరు, కట్టిన తేదీ, మొత్తం, "ఇంకా పంపలేదు కాబట్టి క్యాన్సిల్ చేస్తున్నాను, కట్టిన దారిలోనే వెనక్కి పంపండి" అని. దానికి నేను "పార్సిల్ బయల్దేరలేదు, క్యాన్సిల్ చేశాం" అని జవాబు రాయాలి. ఆ జవాబు వచ్చేదాకా మీ పని అయిపోలేదు. ఒకావిడ రాత్రి క్యాన్సిల్ అని పెట్టారు, ఆ సాయంత్రమే కొరియర్ అబ్బాయి పార్సిల్ పట్టుకెళ్లిపోయాడు, నేను మర్నాడు చూశాను. అలా ఎదురైతే ఇంటికొచ్చిన పార్సిల్ తీసుకోకుండా వెనక్కి పంపేయండి. అది నా దగ్గరికి చేరాక డబ్బులు వేస్తాను, ట్రాకింగ్‌లో ఇద్దరికీ కనిపిస్తుంది.

రిఫండ్ చేశాక నేను స్క్రీన్‌షాట్ పెడితే సరిపోదు, దాన్ని ఎవరైనా తయారుచేస్తారు. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, కార్డయితే ఏఆర్ఎన్ నంబరు అడగండి. కార్డు డబ్బు కనిపించడానికి వారం దాకా పట్టొచ్చు. అది దాటితే ఆ నంబరు మీ బ్యాంకుకి చెప్తే డబ్బు ఎక్కడ ఆగిందో వెతుకుతారు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. పోయిన నెల ఒక పెద్దావిడ మా పోస్టు కింద "నా ఆర్డర్ ఇంకా రాలేదు" అని ఆర్డర్ నంబరుతో సహా రాశారు. గంటలో ఎవరో ఫోన్ చేసి, మా షాపు పేరు చెప్పి, "రిఫండ్ పంపుతున్నాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నారట. ఆవిడ పక్కింటి కుర్రాడిని పిలిచి చూపించారు కాబట్టి 4,300 మిగిలాయి. డబ్బు మీకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఓటీపీ, స్క్రీన్ షేరింగ్ యాప్, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, ఏదీ అక్కర్లేదు. ఆర్డర్ నంబర్లు కామెంట్లలో పెట్టకండి, మా నంబరు గూగుల్‌లో వెతక్కండి, మీ బిల్లు మీద ఉన్నదే మా నంబరు.

అడగడానికి మొహమాటపడకండి. చెప్పిన గడువు దాటితే డబ్బు తిరిగి ఇవ్వనని అమ్మినవాడు అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది, తుఫాను లాంటివి మినహాయింపు. నూలు రాలేదన్నది తుఫాను కింద నేను చెప్పుకోను. అమ్మినవాడు తనంతట తాను ఆర్డర్ రద్దు చేసినప్పుడు అలాంటి ఛార్జీ తానూ భరించకపోతే, మీ దగ్గర క్యాన్సిల్ ఛార్జీ పట్టుకోకూడదని కూడా ఉంది. ఎవరైనా రాతపూర్వకంగా అడిగినా ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను ఇవ్వకపోయినా అదే చేయండి.

పెండింగ్‌లో ఉన్నవి 23 ఆర్డర్లు. తొమ్మిదింటికి పడుగు మగ్గమెక్కింది, పద్నాలుగింటికి నూలు రాలేదు. ఎవరిది ఏదో శనివారం సాయంత్రంలోపు ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెడతాను, మగ్గం మీద ఉన్నవాళ్లకి ఫోటో కూడా. నూలు రాని పద్నాలుగు మందిలో అక్టోబర్ 10 లోపు ఏ జవాబూ ఇవ్వనివాళ్లకి నేనే డబ్బులు వెనక్కి వేసేస్తాను, నూలు వచ్చినప్పుడు ముందు వాళ్లకే ఫోన్ చేస్తాను.